గుండీ ఊడితే కొత్త చొక్కా కుట్టించనక్కర్లేదు: వీడ్కోలు మెయిల్ దిద్దే పద్ధతి

నమస్కారం. ఆఫీసులో ఆఖరి రోజున రాసిన మెయిల్‌ను దిద్దమని ఇస్తే, చాలామంది మొత్తం తిరగరాసేస్తారు. నన్ను బాగా బాధపెట్టే పని ఇది. చొక్కాకు గుండీ ఊడితే గుండీ కుడతాం, కొత్త చొక్కా కుట్టించం కదా!

(తెరపై మెయిల్)

"అందరికీ నమస్కారం. ఈ రోజు నా ఆఖరి పని రోజు. బిల్లింగ్ అక్క నాకు స్టాకు రిజిస్టర్ రాయడం నేర్పించాడు. లెక్క తప్పితే తిట్టలేదు, పక్కన కూర్చొని దిద్దాడు. నేను వల్ల ఎవరైనా బాధపడితే క్షమించండి. మేము మళ్లీ కలుద్దాం."

ఇది రాయగడలో ఒడియా మాధ్యమంలో చదువుకున్న ఒక తెలుగు కుర్రాడి మెయిల్ అనుకోండి. ఇంట్లో తెలుగే, రాత మాత్రం ఒడియా. ఒడియాలో ఆయనకైనా ఆమెకైనా 'సే' ఒక్కటే, క్రియ కూడా మారదు. అందుకే అక్క 'నేర్పించాడు' అయింది. ఇది నిర్లక్ష్యం కాదు, చదువుకున్న భాష అలవాటు.

ఇక్కడ రెండు దారులున్నాయి: నేర్పించింది, నేర్పించారు. మేడమ్ అని రాసి ఉంటే 'నేర్పించారు' అనాలి. అతడు అక్క అన్నాడు కాబట్టి నేను 'నేర్పించింది', 'దిద్దింది' అనే మారుస్తాను. 'రు' చేరిస్తే తప్పేమీ కాదు గానీ, ఆ చనువు కాస్త తగ్గుతుంది. గుండీ కుట్టేటప్పుడు దారం రంగు చూసుకోవడం అంటే ఇదే.

తర్వాత 'నేను వల్ల'. 'వల్ల' ముందు 'నా' రావాలి. ఒక్క మాట మారిస్తే చాలు.

అన్నిటికంటే ముఖ్యమైనది చివరి వాక్యం. 'మేము' అంటే వినేవాళ్లు అందులో లేనట్టే. వీడ్కోలు చెబుతూ జట్టునే బయట నిలబెట్టినట్టయింది. పైగా 'కలుద్దాం' అనే క్రియ ఎదుటివాళ్లను కలుపుకొనే మాట, దానికి 'మనం' తప్ప కుదరదు. మనం మళ్లీ కలుద్దాం.

'ఆఖరి పని రోజు' కొంచెం కొత్తగా వినిపిస్తుంది, కానీ అర్థమవుతోంది. దాన్ని వదిలేయండి. ఇదే మెయిల్‌ను "మీరందించిన సహాయ సహకారాలకు హృదయపూర్వక కృతజ్ఞతలు" అని మార్చేస్తే వ్యాకరణం బాగుంటుంది, స్టాకు రిజిస్టర్ మాత్రం మాయమవుతుంది. పక్కన కూర్చున్న అక్క కూడా పోతుంది. ఆ మెయిల్ ఇక ఎవరిదైనా కావచ్చు. అదీ కొత్త చొక్కా.

సమయం అయిపోతోంది, మిగిలినవి త్వరగా చెబుతాను. దిద్దిన మాటలు రాసినవారికి చూపించండి, ఒప్పుకుంటేనే ఉంచండి. ఒకసారి పైకి చదివించండి, నోరు తడబడిన చోట వాక్యాన్ని రెండు ముక్కలు చేయండి. తాళాలు, రిజిస్టర్లు ఎవరికి అప్పగించారో ఒక వాక్యంలో చేర్చండి. సొంత ఫోన్ నంబరు కింద రాయండి, ఎందుకంటే చాలాచోట్ల ఆఫీసు మెయిల్ ఆ సాయంత్రమే ఆపేస్తారు. అందుకే మధ్యాహ్న భోజనం లోపే పంపేయమనండి, జవాబులు చదువుకునే వీలుంటుంది.