పేరు తెలియని పెద్దవారిని పలకరించేటప్పుడు

సభకు నమస్కారం.

పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ, బరంపురం వైపు తెలుగిళ్లలో పెరిగే పిల్లలకు తెలుగు ఇంట్లో వస్తుంది, చదువు ఒడియాలో వస్తుంది. ఇంటి తెలుగంటే అమ్మతో, అమ్మమ్మతో, అన్నదమ్ములతో మాట్లాడే తెలుగు. దానికి ‘నువ్వు’ సరిపోతుంది. ముఖపరిచయం లేని పెద్దాయనతో తెలుగులో మాట్లాడే అవసరం ఎప్పుడోగాని రాదు. వచ్చినప్పుడు పిల్లలు తడబడతారు. దానికి మనం చెప్పే మందు ఒక్కటే: ‘గారు పెట్టి మాట్లాడు.’ ఆ సలహా దగ్గరే ఇబ్బంది మొదలవుతుంది. ఈరోజు ప్రసంగమంతా దాని గురించే.

‘గారు’ ఒంటరిగా నిలబడే మాట కాదు. దాని ముందు ఒక పేరో, హోదానో, వరసో ఉండాలి. రామారావు గారు, డాక్టరు గారు, తాతగారు. ఎదుటివారెవరో తెలియనప్పుడు వీటిలో ఏదీ మన చేతిలో లేదు. అందుకే పిల్లలు ‘గారూ, ఈ బస్సు ఎక్కడికి?’ అనేస్తారు. ఒడియా వారు తెలుగు నేర్చుకునేటప్పుడూ ఇదే పొరపాటు చేస్తారు. ఆ వాక్యంలో మర్యాద ఉద్దేశం ఉంది కానీ తెలుగు లేదు. తెలియని పెద్దవారితో మాట్లాడేటప్పుడు మర్యాదంతా ‘అండి’ మోస్తుంది, ‘మీరు’ మోస్తుంది, క్రియ చివర మోస్తుంది. ‘గారు’ ఆ తర్వాత, పేరో హోదానో తెలిశాక వచ్చి చేరుతుంది.

పిల్లలకు ‘అండి’ సులువుగా అందాలంటే ఒడియా ‘ఆజ్ఞా’ను గుర్తుచేయండి. బడిలో మాస్టారు పిలిస్తే ‘హఁ ఆజ్ఞా’ అంటారు కదా, సరిగ్గా అక్కడ తెలుగులో ‘అవునండి’ అనాలి. పిలుపుకు ‘ఏమండీ’, జవాబుకు ‘అవునండి’, ‘లేదండి’, ‘తెలీదండి’. ‘అండి’ వాక్యంలో సాధారణంగా చివరి మాటకు అతుక్కుంటుంది. ప్రశ్న అయితే ప్రశ్నార్థకం తర్వాత వస్తుంది: ‘బండి వెళ్లిపోయిందాండీ?’ ప్రతి మాటకూ తగిలించక్కర్లేదు. ‘నేనండి బజారుకండి వెళ్లానండి’ అంటే వినేవారికి బెరుకు కనిపిస్తుంది. పిలిచేటప్పుడు ఒకసారి, వాక్యం ముగిసేచోట ఒకసారి ఉంటే చాలు.

రెండోది క్రియ. ఇక్కడ ఒడియా సాయమూ చేస్తుంది, దారీ తప్పిస్తుంది. ఒడియాలో ఎదుటి మనిషికి మూడు మెట్లున్నాయి: తు, తుమే, ఆపణ. తెలుగులో వాడుకలో ఉన్నవి రెండే: నువ్వు, మీరు. మధ్యలో ఉన్న ‘తుమే’ని ఎటు వేయాలో పిల్లలకు తెలియదు. స్నేహితుడి అన్నయ్యనూ, పక్కింటి ఆయననూ ఒడియాలో ‘తుమే’ అనే అలవాటుతో, తెలుగులో కొత్తవారిని కూడా ‘నువ్వు’ అనేస్తారు. పరిచయం లేని పెద్దవారి విషయంలో వారికి ఒకే నియమం చెప్పండి: ఒడియాలో ‘ఆపణ’ అనే చోట తెలుగులో తప్పకుండా ‘మీరు’. ‘తుమే’ దగ్గర అనుమానం వస్తే అప్పుడూ ‘మీరు’ అనే వైపే మొగ్గాలి. ‘మీరు’ అన్నాక క్రియ కూడా దాన్ని అనుసరించాలి. ‘మీరు ఎక్కడికి వెళ్తున్నావండి’ అనే వాక్యం తరచుగా వినిపిస్తుంది. మొదలూ చివరా మర్యాదగానే ఉన్నాయి, నడుమ ‘వెళ్తున్నావు’ మాత్రం ఇంట్లోనే ఉండిపోయింది. అనుకోకుండా నోట్లోంచి వచ్చేది క్రియే కాబట్టి వినేవారి చెవి కూడా అక్కడే ఆగుతుంది. పిల్లవాడిని సరిదిద్దాలనుకుంటే ‘అండి’ మర్చిపోయినా వదిలేయండి, క్రియను మాత్రం వదలకండి.

మూడోది, అక్కడున్న పెద్దవారి గురించి ఇంకొకరికి చెప్పడం. మన పిల్లలు ఎక్కువగా తప్పేది ఇక్కడే. దానికి కారణం ఉంది. ఒడియాలో ‘సే’ అనే ఒకే మాట చిన్నవాడికీ పెద్దాయనకూ ఆడవారికీ సరిపోతుంది. మర్యాద క్రియలో తెలుస్తుంది: చిన్నవాడైతే ‘సే ఆసిఛి’, పెద్దవారైతే ‘సే ఆసిఛంతి’. తెలుగులో సర్వనామమూ మారాలి, క్రియా మారాలి. వాడు వచ్చాడు, అతను వచ్చాడు, ఆయన వచ్చారు, వారు వచ్చారు. ‘సే’ని తెలుగు చేసేటప్పుడు పిల్లవాడికి ముందు తట్టేది ‘అతను’. పెద్దాయన ఎదుటే నిలబడి ఉండగా ‘అమ్మా, అతను నీకోసం వచ్చాడు’ అంటాడు. ఆ చోట ‘అమ్మా, వీరు నీకోసం వచ్చారు’ అనాలి. ఎదుట ఉన్నవారికి ‘వీరు’ అన్నది అలవాటు చేస్తే పిల్లలకు మరో చిక్కు కూడా తీరుతుంది: ఆడవారైనా మగవారైనా అదే మాట.

ఆడవారి విషయం విడిగా చెప్పాలి. తెలుగులో ఏకవచనంలో స్త్రీకి వాడే క్రియ, వస్తువుకీ పశువుకీ వాడే క్రియ ఒకటే: అమ్మాయి వచ్చింది, ఆవు వచ్చింది, బస్సు వచ్చింది. అందువల్ల ‘ఆవిడ వచ్చింది’ అనడం మగవారిని ‘ఆయన వచ్చాడు’ అనడం కంటే ఒక మెట్టు కిందికి వినిపిస్తుంది. చాలా ఇళ్లలో నాన్నగారి స్నేహితుణ్ణి ‘వచ్చారు’ అని, అమ్మ స్నేహితురాలిని ‘వచ్చింది’ అని అంటారు. ఇది పిల్లల తప్పు కాదు, వాళ్లు పెద్దల నోటి నుంచే నేర్చుకున్నారు. కొత్త ఆవిడను గురించి ‘ఆవిడ వచ్చారు, కూర్చున్నారు, అడిగారు’ అని మనం ముందు అంటే తప్ప అది మారదు.

ఇప్పుడు ఇవన్నీ ఒక సందర్భంలో పెట్టి చూద్దాం. పర్లాకిమిడి స్టేషన్లో ఇంటర్ చదివే అమ్మాయి విశాఖపట్నం వెళ్లే బండి కోసం నిలబడింది. బెంచీ మీద డెబ్బై ఏళ్ల పెద్దాయన తెలుగులో ఫోన్ మాట్లాడి పెట్టేశారు. ఆ అమ్మాయి ‘ఏమండీ, విశాఖపట్నం బండి వెళ్లిపోయిందాండీ?’ అని అడగాలి. ఇంకా ‘గారు’ రాలేదు, రావలసిన పనీ లేదు. ఆయన ‘ఇంకా రాలేదమ్మా’ అంటారు. ‘మీరెక్కడి వరకండీ?’ ‘టెక్కలి వరకు.’ తర్వాత పేరు అడగాలనిపించవచ్చు. మన ప్రాంతంలో చిన్నవాళ్లు పెద్దవారిని మొదటే పేరు అడగరు, ఊరు అడుగుతారు. ‘మీదే ఊరండీ?’ అంటే చాలాసార్లు పేరూ ఉద్యోగమూ అవే బయటికొస్తాయి. ‘మాది మోహన. నా పేరు సూర్యనారాయణ, పోస్టుమాస్టరుగా చేసి రిటైరయ్యాను.’

పేరు దొరికింది కదా అని ‘సూర్యనారాయణ గారూ’ అని పిలవవచ్చా? ఆయన ఈడువారు పిలవవచ్చు, నలభై ఏళ్ల మనిషి పిలవవచ్చు. రెండు తరాల తేడా ఉన్న అమ్మాయి మొహం మీద పేరుతో పిలిస్తే, ‘గారు’ ఉన్నా మన వైపు చెవికి ఎబ్బెట్టుగానే ఉంటుంది. ఆమెకు ‘తాతగారూ’ ఉంది, ‘మాస్టారూ’ ఉంది. పేరుకు ‘గారు’ చేర్చడం ఆమెకు పనికొచ్చేది తర్వాత ఇంటికెళ్లి చెప్పేటప్పుడు: ‘సూర్యనారాయణ గారని, మోహన వారు, బండిలో కలిశారు.’ విభక్తి చేరితే ‘గారు’ రూపం మారుతుందని కూడా గుర్తుంచుకోవాలి: సూర్యనారాయణ గారికి, గారిని, గారితో, గారి ఊరు. ‘గారుకి’, ‘గారుతో’ అన్నవి వింటూనే సరిదిద్దాలి.

వరసల్లో ఒక జాగ్రత్త ఉంది. బాబాయి గారూ, పెద్దమ్మ గారూ, పిన్నిగారూ, తాతగారూ, మామ్మగారూ కొత్తవారికి చక్కగా నప్పుతాయి. ‘అత్తగారు’, ‘మామగారు’ మాత్రం పెళ్లి వల్ల వచ్చిన చుట్టరికం పేర్లుగా స్థిరపడ్డాయి. కొత్తవారిని అలా పిలిస్తే అర్థం వేరే అవుతుంది. మరీ పెద్దవయసు కాని ఆవిడను ‘మామ్మగారూ’ అనడం కంటే ‘అమ్మా’ అనడం మేలు. ఒడియా అలవాటులో కొత్త పెద్దవారికి కూడా వంగి పాదాలు తాకే పిల్లలుంటారు. తెలుగువారి మధ్య మొదటి పరిచయంలో చేతులు జోడించి ‘నమస్కారమండి’ అంటే నిండుగా ఉంటుంది.

ఇక ‘బాబు’. ఒడియాలో మహంతి బాబు, మిశ్ర బాబు అన్నప్పుడు ఆ ‘బాబు’ మన ‘గారు’ చేసే పనే చేస్తుంది. అదే తెలుగులోకి తెచ్చి ‘శంకర్ బాబు ఉన్నారా’ అంటే, విన్న తెలుగాయన అది తన పూర్తి పేరనుకున్నారని అనుకుంటారు, గౌరవం అందదు. ఒడియా పెద్దవారి గురించి తెలుగులో మాట్లాడుతుంటే ‘మహంతి గారు’ అనండి. అక్కడ ఇంటిపేరు చివర వస్తుంది కాబట్టి ‘గారు’ దానికే చేరుతుంది. తెలుగు ఇంటిపేరుకు మాత్రం ‘గారు’ అతకదు, ‘వారు’ అతుకుతుంది. ఇదే పర్లాకిమిడిలో పాఠాలు చెప్పిన మహనీయుణ్ణి రామమూర్తి గారు అంటాం, గిడుగు వారు అంటాం, ‘గిడుగు గారు’ అనం. ఆఫీసు కాగితాల్లో ఇంటిపేరు ముందో వెనకో పడి తారుమారవుతుంది గనుక ఏది ఇంటిపేరో ముందు తేల్చుకుని పిలవండి.

పల్లెల నుంచి వచ్చే పెద్దవాళ్లు కొందరు కొత్తవారినైనా ‘నువ్వు’ అనే పలకరిస్తారు. శ్రీకాకుళం వైపు పల్లె మాటలో అది దగ్గరితనం. ఆ పెద్దావిడను పిల్లల ముందు సరిదిద్దకూడదు. అలాగని పిల్లవాడు తిరిగి ఆమెను ‘నువ్వు’ అననక్కర్లేదు. ఆమె ‘ఏటి బాబూ, ఎక్కడికెల్తన్నావు’ అంటే అతను ‘బరంపురం వెళ్తున్నానండి, మీరో?’ అంటాడు. ఇద్దరి మాటా ఎవరిది వారికి సరిగ్గానే ఉంది.

చివరగా ఫోన్ గురించి. అక్కడ ముఖమూ వయసూ కనిపించవు కాబట్టి గొంతు విన్న క్షణం నుంచీ ‘మీరు’. ‘నమస్కారమండి, సూర్యనారాయణ గారున్నారాండీ? నేను పర్లాకిమిడి నుంచి లక్ష్మిని మాట్లాడుతున్నానండి.’ తన పేరుకు తాను ‘గారు’ చేర్చుకోకూడదు. ‘మా నాన్నగారు మాట్లాడమన్నారండి’ అనడంలో తప్పు లేదు. అవతల చిన్నపిల్లాడని తెలిస్తే అప్పుడు ‘నువ్వు’లోకి దిగవచ్చు. ముందు ‘నువ్వు’ అనేసి, పెద్దవారని తెలిశాక ‘మీరు’లోకి మారాల్సి వస్తే ఇద్దరికీ ఇబ్బందే.