టీ చేదెక్కడం ఎందుకు? – శ్రోతల ప్రశ్నలకు టీ రుచి పరీక్షకురాలి సమాధానాలు

వ్యాఖ్యాత: శ్రోతలకు నమస్కారం. టీ రుచి పరీక్షలో సుదీర్ఘ అనుభవం ఉన్న నిపుణురాలు ఈరోజు మనతో ఉన్నారు. మొదటి శ్రోత లైన్లో ఉన్నారు. చెప్పండమ్మా.

మొదటి శ్రోత: నమస్కారమండీ. రెండు వందల మిల్లీలీటర్ల నీళ్లలో ఒక చెంచా టీ పొడి వేసి, రంగు బాగా దిగాలని పది నిమిషాలు మరిగిస్తాను. రంగు వస్తుంది కానీ టీ చేదుగా ఉంటుంది, తాగాక నోరంతా ఎండిపోయినట్టు అవుతుంది. పొడి మంచిది కాదేమోనని రకం మార్చినా అంతే.

నిపుణురాలు: నమస్కారమమ్మా. మీరు చెప్పిన దాంట్లో రెండు వేర్వేరు సంగతులు ఉన్నాయి. ఒకటి చేదు, రెండోది వగరు. గుటక వేసిన కొద్దిసేపటికి నాలుక మీద తగ్గిపోయేది చేదు. పచ్చికాయ కొరికినప్పటిలా బుగ్గల లోపల పట్టేసి, గరుకుగా చాలాసేపు నిలిచేది వగరు. చేదులో కొంత భాగం కెఫీన్ వల్ల వస్తుంది. వగరుకు కారణం ఆకులోని పాలీఫినాల్స్, అవి లాలాజలంలోని ప్రోటీన్లను పట్టుకుని నోటిలోని జారుడుతనాన్ని తగ్గిస్తాయి. మీ టీలో ఎక్కువైనది ప్రధానంగా ఈ వగరే.

ఇవన్నీ ఒకేసారి నీటిలోకి దిగవు. కెఫీన్, టీకి కమ్మదనమిచ్చే థియనిన్ అనే అమైనో ఆమ్లం తొందరగా కరుగుతాయి కాబట్టి, సన్నని పొడి నుంచి వాటిలో చాలా భాగం మొదటి కొద్ది నిమిషాల్లోనే వచ్చేస్తుంది. పాలీఫినాల్స్ మాత్రం నెమ్మదిగా, నీరు వేడిగా ఉన్నంతసేపూ దిగుతూనే ఉంటాయి. అంటే నాలుగైదు నిమిషాలు దాటాక మీరు పొడి నుంచి రాబడుతున్నది ఎక్కువగా వగరే, పైగా సువాసననిచ్చే పదార్థాలు ఆ సమయంలో ఆవిరితో పోతాయి.

మొదటి శ్రోత: మరి చిక్కగా కావాలంటే ఎలాగండీ?

నిపుణురాలు: సమయం పెంచకుండా పొడి పెంచండి. చెంచాలో పట్టే పొడి సుమారు రెండు గ్రాములనుకుంటే, అదే నీటికి నాలుగు గ్రాములు తీసుకోండి. నీరు తెర్లగానే మంట ఆపి, పొడి వేసి, మూతపెట్టి, మూడు నిమిషాలకు వడకట్టండి. తేడా మీరే తెలుసుకోవాలంటే ఒకే గిన్నెలోంచి రెండో నిమిషంలో, నాలుగో నిమిషంలో, ఎనిమిదో నిమిషంలో కొద్దికొద్దిగా వేర్వేరు గ్లాసుల్లోకి వడకట్టి, చల్లారాక వరుసగా రుచి చూడండి. రంగును బట్టి టీ తయారైందో లేదో తేల్చడం నా దృష్టిలో సరైన పద్ధతి కాదు, నోటితోనే తేల్చాలి.

వ్యాఖ్యాత: పాలు పోస్తే చేదు తగ్గుతుందంటారు, నిజమేనా?

నిపుణురాలు: వగరు తగ్గుతుంది. పాలలోని కేసిన్ అనే ప్రోటీన్ పాలీఫినాల్స్‌ను ముందే పట్టుకుంటుంది కనుక అవి నోటిని అంతగా పట్టవు. కెఫీన్ చేదు మాత్రం అలాగే ఉంటుంది, దాన్ని చక్కెర కప్పిపుచ్చుతుంది.

వ్యాఖ్యాత: మరో శ్రోత వేచి ఉన్నారు.

రెండో శ్రోత: నమస్కారం మేడం. నేను గ్రీన్ టీని మరిగే నీళ్లలో ఐదు నిమిషాలు ఉంచుతాను. మామూలు టీ కన్నా ఘోరమైన చేదు వస్తోంది.

నిపుణురాలు: గ్రీన్ టీ ఆకును కోసిన వెంటనే వేడి చేసి ఎంజైముల పనిని ఆపేస్తారు, కనుక అందులో కాటెకిన్లు అనే పాలీఫినాల్స్ చాలావరకు మారకుండా ఉంటాయి. వీటికి చేదూ ఉంది, వగరూ ఉంది. నల్ల టీ తయారీలో మాత్రం ఆకును నలిపి గాలి తగలనిస్తారు, అప్పుడు కాటెకిన్లలో చాలా భాగం థియాఫ్లావిన్లుగా, థియారుబిజిన్లుగా మారి రంగును, చురుకుదనాన్ని ఇస్తాయి. అందుకే నల్ల టీ మరిగే నీటిని తట్టుకుంటుంది, గ్రీన్ టీ తట్టుకోదు. దానికి 70 నుంచి 80 డిగ్రీల వేడి, రెండు నిమిషాల సమయం చాలు. ఆ వేడిలో కమ్మదనం బాగానే దిగుతుంది, కాటెకిన్లు తక్కువగా వస్తాయి. థర్మామీటర్ లేకపోతే, మరిగిన నీటిని ఒక చల్లని పాత్రలోకి, అక్కడి నుంచి మరో పాత్రలోకి పోసి, ఆ తర్వాతే ఆకు వేయండి.

రెండో శ్రోత: ఆకు పెద్దదైతే సమయం మారుతుందా?

నిపుణురాలు: తప్పకుండా మారుతుంది. గుండ్రని గుళికలుగా చేసే సీటీసీ పొడిలో ఆకు కణాలు బాగా చితికి ఉంటాయి, నీటికి తగిలే ఉపరితలం ఎక్కువ. అందువల్ల రెండు మూడు నిమిషాల్లో దిగిపోతుంది. చుట్టిన నిండు ఆకైతే అది విప్పుకోవాలి, నల్ల టీ అయితే నాలుగైదు నిమిషాలు ఇవ్వాలి. సీటీసీకి ఆ సమయమిస్తే వగరెక్కుతుంది, నిండు ఆకును రెండు నిమిషాలకే తీస్తే పలచగా ఉంటుంది.

వ్యాఖ్యాత: రుచి పరీక్షకులు కూడా ఇలాగే కాస్తారా?

నిపుణురాలు: లేదండీ. ఐఎస్‌ఓ 3103 ప్రమాణం ప్రకారం నూరు మిల్లీలీటర్ల మరిగే నీటికి రెండు గ్రాముల ఆకు వేసి ఆరు నిమిషాలు ఉంచుతాం. అది తాగడానికి కాదు, రకాలను పోల్చి లోపాలు బయటపెట్టడానికి.

రెండో శ్రోత: ఇప్పటికే చేదెక్కిన టీని బాగు చేయవచ్చా?

నిపుణురాలు: వేడి నీళ్లు కలిపితే గాఢత తగ్గుతుంది, కానీ దిగినది తిరిగి ఆకులోకి పోదు, సువాసన కూడా పలచబడుతుంది. నల్ల టీ అయితే పాలు కలపండి. గ్రీన్ టీ అయితే కొత్తగా పెట్టుకోవడమే మేలు. ఈసారి రెండు నిమిషాలు కాగానే ఆకును పూర్తిగా బయటకు తీయండి, కప్పులోనే వదిలేస్తే తాగుతున్నంతసేపూ దిగుతూనే ఉంటుంది.