కాంట్రాస్ట్ ముందు, అక్షరాల సైజు తరువాత: విండోస్ 11 యాక్సెసిబిలిటీ రివ్యూ

నమస్కారం. ఈ వీడియోలో మీరు చూస్తున్న ల్యాప్‌టాప్‌ను ఒక విక్రేత మాకు రివ్యూ కోసం ఉచితంగా ఇచ్చారు. ఏమి చెప్పాలన్న షరతు ఏదీ పెట్టలేదు. ప్రాసెసరు, ర్యామ్, బ్యాటరీ వివరాలు మీరు ఇప్పటికే వేరే చోట చూసి ఉంటారు కనుక వాటి జోలికి నేను వెళ్లను. ఇందులోని విండోస్ 11ను చూపు బాగా తగ్గినవారు, రంగులు పోల్చుకోలేనివారు ఎంత హాయిగా వాడుకోగలరన్నదే ఈ రివ్యూ. మొదటి కోవకు చెందినవారు మా పెద్దమ్మ. రెండో కోవలో నేనున్నాను. ఎరుపుకు, ఆకుపచ్చకు మధ్య తేడా నాకు పుట్టుక నుంచీ సరిగా తెలియదు.

పెద్దమ్మకు మాక్యులర్ డిజెనరేషన్ ఉంది. అంటే చూపులో మధ్యభాగం దెబ్బతిన్నది. సూటిగా చూసిన అక్షరం మసకగా ఉంటుంది, దాని పక్కనున్నది కొంత నయంగా కనిపిస్తుంది. ఇలాంటివారి చేతికి కంప్యూటరు ఇచ్చేటప్పుడు ఇంట్లో అందరూ మొదట చేసే పని అక్షరాల సైజు పెంచడం. ముందు చేయవలసింది అది కాదని, కాంట్రాస్ట్ సరిచేయడమని నేను గట్టిగా నమ్ముతున్నాను. తెల్లని తెర మీద లేత బూడిదరంగు అక్షరాన్ని రెండింతలు చేసినా అది లేత బూడిదరంగుగానే ఉంటుంది. తెలుపు మీద నలుపుకు కాంట్రాస్ట్ నిష్పత్తి 21:1. చాలా వెబ్‌సైట్లు ఇష్టంగా వాడే #999999 అనే బూడిదరంగుకు అది 3:1 కూడా లేదు. మామూలు సైజు అక్షరాలకు కనీసం 4.5:1 ఉండాలని వెబ్ ప్రమాణాలు చెబుతాయి. తెలుగులో ఈ లోటు మరింత బాధిస్తుంది, ఎందుకంటే థకు, ధకు మధ్య తేడా లోపలి చుక్క ఒక్కటే, దకు, ధకు మధ్య తేడా కింది చిన్న గీత ఒక్కటే. ఆ చుక్క, ఆ గీత నేపథ్యంలో కలిసిపోతే పదమే మారిపోతుంది.

అందుకే నేను మొదట Settings తెరిచి, Accessibilityలో Contrast themes దగ్గరికి వెళ్లాను. అక్కడ Aquatic, Desert, Dusk, Night sky అని నాలుగు థీములుంటాయి. వాటిలో Desert లేత రంగు నేపథ్యంతో ఉంటుంది, మిగతా మూడూ ముదురువి. లేత నేపథ్యం వెలుగు పెద్దమ్మ కళ్లకు గుచ్చుకుంటున్నట్టు ఉండడంతో Night sky ఎంచుకుని, Edit నొక్కి, Text రంగును లేత పసుపుకు మార్చి సేవ్ చేశాను. వాక్యాల రంగు, లింకుల రంగు, ఎంచుకున్న భాగం రంగు, బటన్ల రంగు వేరువేరుగా మార్చుకోనివ్వడం ఈ సౌకర్యంలో నాకు అన్నిటికన్నా నచ్చిన అంశం. డార్క్ మోడ్ పెట్టుకుంటే ఇదే ఫలితం వస్తుందని అనుకోవద్దు. అందులో నేపథ్యం ముదురుగా మారినా బూడిదరంగు అక్షరాలు బూడిదరంగుగానే మిగిలిపోతాయి.

దీనికొక పరిమితి ఉంది, అది తెలుగువారికి బాగా తగులుతుంది. కాంట్రాస్ట్ థీము అక్షరాలను మారుస్తుంది కానీ బొమ్మలను మార్చదు. మన ప్రభుత్వ ఉత్తర్వులు, పాత తెలుగు పుస్తకాలు చాలావరకు స్కాన్ చేసిన పీడీఎఫ్‌లే కనుక అవి నల్లని తెర నడుమ తెల్లగా వెలుగుతూనే ఉంటాయి. ఒక పేజీ థీముకు లొంగుతుందా లేదా అన్నది తెలుసుకోవడానికి మౌసుతో ఒక పదాన్ని సెలెక్ట్ చేసి చూడండి. పదం సెలెక్ట్ కాకపోతే అది బొమ్మ. అప్పుడు విండోస్ కీతో పాటు ప్లస్ కీ నొక్కి మాగ్నిఫయర్ తెరిచి, Ctrl+Alt+I నొక్కితే తెర మీది రంగులు తిరగబడతాయి. తెల్లని కాగితం నల్లగా, నల్లని అక్షరం తెల్లగా మారుతుంది. చదవడం పూర్తయ్యాక మాగ్నిఫయర్ మూసేయాలి, లేకపోతే నల్లని థీము కూడా తెల్లగా తిరగబడి కూర్చుంటుంది.

కాంట్రాస్ట్ కుదిరాకే సైజు. Text size అనే పట్టీ 100 శాతం నుంచి 225 శాతం వరకు అక్షరాలను మాత్రమే పెంచుతుంది; Displayలో ఉండే Scale బటన్లతో సహా అన్నిటినీ పెంచుతుంది. Text sizeను చివరికంటా లాగితే గడి అంతే ఉండి అక్షరం మాత్రం పెరుగుతుంది. ఇంగ్లిషు అక్షరం అప్పటికీ గడిలో ఇమిడితే ఇమడవచ్చు, కానీ 'స్త్రీ' వంటి మాటలో కింది వత్తులో, పైన గుడిదీర్ఘమో తెగిపోయే ప్రమాదం ఉంది. అందుచేత నేను Scaleను 150కి పెంచి, ఆ తరువాతే Text sizeను కొద్దికొద్దిగా జరుపుతూ, వత్తులు తెగడం మొదలైన చోటికి ఒక అడుగు ముందే ఆపాను. అయితే రెటినైటిస్ పిగ్మెంటోసా వంటి వ్యాధితో చూపు చుట్టూ కుంచించుకుపోయినవారికి ఈ పద్ధతి వర్తించదు. వారికి కనిపించే చోటే చిన్నది కనుక అక్షరం పెరిగేకొద్దీ ఒకేసారి కనిపించే అక్షరాలు తగ్గిపోతాయి. వారికి కాంట్రాస్ట్ పెంచి సైజును మితంగా ఉంచాలి.

మౌస్ పాయింటరు సైజు 1 నుంచి 15 వరకు ఉంటుంది, రంగు కూడా మనమే ఎంచుకోవచ్చు. ఇక్కడ Inverted అనే ఎంపికను నేను సిఫారసు చేయను. కింద ఉన్న రంగుకు వ్యతిరేక రంగులో కనిపించడం దాని పద్ధతి, కానీ మధ్యరకం బూడిదరంగుకు వ్యతిరేకం దాదాపు అదే బూడిదరంగు కనుక అక్కడ పాయింటరు మాయమవుతుంది. పెద్దమ్మకు చిక్కని ఆకుపచ్చ పాయింటరు పెట్టాను. దానికన్నా ఆమెకు ఎక్కువ ఉపయోగపడింది Text cursor indicator. టైపు చేసేచోట మిణుకుమిణుకుమనే సన్నని గీతకు పైనా కిందా రంగుబిళ్లలు తగిలిస్తుంది. ఏ వరుసలో టైపు చేస్తున్నామో వెతుక్కునే అవస్థ దీనితో తీరింది. ఇంతకుముందు మా ఇంట్లో వాడిన పాత కంప్యూటర్లలో గీతను లావు చేయడం తప్ప మరో దారి ఉండేది కాదు. విండోస్‌ను నేను మనస్ఫూర్తిగా మెచ్చుకుంటున్నది ఈ ఒక్క సౌకర్యానికే అన్నా తప్పు లేదు.

ఇక Color filters. నాకు విసుగు కలిగించేది ఇదే. ఫిల్టరు పెడితే మామూలు కన్ను చూసే రంగులే మనకూ కనిపిస్తాయని చాలామంది అనుకుంటారు. అది జరగదు. ఎరుపు, ఆకుపచ్చల మధ్య ఉన్న తేడాను నీలం, పసుపుల వైపుకు, వెలుతురు తేడా వైపుకు మళ్లించడమే ఫిల్టరు చేయగలిగిన పని. ఎక్సెల్‌లో Good, Bad అనే స్టైళ్లు వేసిన గడులు నాకు ఒకే లేత రంగులో కనిపించేవి. ఫిల్టరు పెట్టాక రెండూ విడిపోయాయి, అంతవరకు సంతోషం. కానీ ఆ వెంటనే ఫొటోల్లోని ముఖాల రంగు కూడా మారిపోయింది. విడివిడి ప్రోగ్రాములకు ఫిల్టరు పెట్టుకునే వీలు ఉండాల్సింది. మీకు ఏది సరిపోతుందో తేల్చుకోవడానికి నల్లని నేపథ్యం మీద ఎర్రని అక్షరాలు చూడండి. అవి బాగా చీకటిగా, దాదాపు కలిసిపోయినట్టు ఉంటే protanopia అని ఉన్న ఫిల్టరుతో, ఎరుపు వెలుతురు తగ్గకుండా ఆకుపచ్చతో మాత్రమే కలిసిపోతుంటే deuteranopia అని ఉన్న ఫిల్టరుతో మొదలుపెట్టండి. స్క్రీన్ రికార్డింగులో ఫిల్టరు పడదు కనుక ఈ భాగాన్ని కెమెరాతో తెరను చిత్రీకరించి చూపిస్తున్నాను.

నా తీర్పు ఇది: పెద్దమ్మ వంటివారికి ఈ ఏర్పాట్లను సందేహం లేకుండా సిఫారసు చేస్తాను, నా వంటివారికి మాత్రం పట్టిక చూసేటప్పుడు ఫిల్టరు వేసుకుని తరువాత తీసేయమంటాను. అందుకు Color filters పేజీలోనే ఉన్న Keyboard shortcut స్విచ్‌ను ఆన్ చేసుకోండి. అది ఆన్ అయ్యాకే విండోస్ కీ, Ctrl, C మూడూ కలిపి నొక్కితే ఫిల్టరు వస్తుంది, మళ్లీ నొక్కితే పోతుంది.