గేదె రోజూ ఒకే నంబర్ ఇస్తుందా?

ఇవాళ ఒక కథ చెబుతాను. పేర్లు కల్పితం, ఊరు కల్పితం. లెక్కలు మాత్రం పాల కేంద్రంలో రోజూ జరిగేవే.

పొద్దున్నే ఐదున్నర. పాల సొసైటీ గది ముందు క్యాన్లతో, స్టీలు బకెట్లతో ఆడవాళ్లు వరుసగా నిలబడ్డారు. లోపల బల్ల వెనక క్లర్కు శీను. ఒకరి పాలు కొలుస్తాడు, చిన్న గ్లాసుడు తీసి మెషీన్ కింద పెడతాడు. కాసేపటికి తెర మీద రెండు అంకెలు వస్తాయి. ఒకటి ఫ్యాట్, అంటే వెన్న శాతం. రెండోది ఎస్‌ఎన్‌ఎఫ్, అంటే వెన్న, నీళ్లు పోగా పాలలో మిగిలే గట్టి పదార్థం. ఆ రెండూ రిజిస్టర్‌లో రాస్తాడు, పాల కార్డులోనూ రాస్తాడు. పదిహేను రోజులకోసారి బిల్లు.

ఈ సంఘంలో వెన్న శాతానికి ఎనిమిది రూపాయలు. 6 శాతం వస్తే లీటరు 48, 5 వస్తే 40. మెషీన్ తెర మీద చుక్క తర్వాతి అంకె ఒక ఇంటికి కూరగాయల ఖర్చు అన్నమాట.

ఆ రోజు శీను మేనత్త ఐదు లీటర్లు తెచ్చింది. గేదె ఈని చాలా నెలలైంది, దాణా సరిగ్గా పడటం లేదు. మెషీన్ 5.6 చూపించింది. అత్త తెర వైపు చూడలేదు, శీను మొహం వైపు చూసింది. "పిల్లాడి ఫీజు కట్టాల్రా" అంది. అంతే, శీను 6.4 రాశాడు. పూటకు 32 రూపాయలు ఎక్కువ. పోయేది డెయిరీ డబ్బే కదా అనుకున్నాడు.

చాలామంది పొరపాటు పడేది ఇక్కడే. డెయిరీ శీను రిజిస్టర్ చూసి డబ్బులివ్వదు. ఊరి పాలన్నీ కలిపి ట్యాంకులోకి పోసుకున్నాక తానే మళ్లీ పరీక్ష చేసి, ఆ అంకెకే లెక్క కడుతుంది. అంటే డెయిరీ నుంచి వచ్చే మొత్తం ఎప్పుడూ అసలు వెన్నకే. రిజిస్టర్‌లో ఎక్కువ రాస్తే ఆ తేడా సొసైటీ పెట్టెలోంచి పోతుంది. 1995 నాటి పరస్పర సహాయ సహకార సంఘాల చట్టం కింద నమోదైన సంఘమైతే ప్రభుత్వ వాటా ధనం కూడా ఉండదు. ఆ పెట్టెలో ఉన్నది సభ్యుల సొమ్మే.

శీనుకిది మొదటి బిల్లు నాటికే అర్థమైంది. అప్పటికి అత్త ఒక్కతే కాదు. ఆమె కార్డు చూసి ప్రెసిడెంటు గారి తమ్ముడు, "మాకూ కాస్త చూడవయ్యా" అన్నాడు. ఆయన పూటకు 12 లీటర్లు పోస్తాడు. ఆ వెనకే ఇంకో ఇద్దరు. నలుగురివీ కలిపి 30 లీటర్లు. వీటికి 0.8 చొప్పున కలిపితే పూటకు పావు కిలోకి కాస్త తక్కువ వెన్న, డబ్బుల్లో 192 రూపాయలు, లోటు కనిపించింది.

లోటు కనపడకూడదు. ఏం చేశాడు? ఆ పూట వచ్చే పాలు 150 లీటర్లు. మిగతా 120 లీటర్ల వాళ్లకు తలా 0.2 తగ్గించి రాశాడు. లెక్క సరిగ్గా సరిపోయింది! డెయిరీ స్లిప్పు, రిజిస్టర్ మొత్తం ఒకటే. ఆడిటర్ వచ్చి కూడినా తప్పు దొరకదు. నన్నడిగితే, కూడిక సరిపోయే దొంగ లెక్కే అన్నిటికన్నా ప్రమాదం. సరిపోని లెక్క కనీసం అరుస్తుంది.

సత్తెమ్మది ఒక్క గేదె, పూటకు రెండు లీటర్లు. రోజుకు ఆరు రూపాయల నలభై పైసలు పోయాయి. ఆమె గొడవ పెట్టలేదు. కార్డులో 6.4 ఉండేది 6.2 అయ్యేసరికి తప్పు గేదెదే అనుకుంది. అప్పు చేసి పత్తి చెక్క బస్తా కొని దాణాలో కలిపింది. వెన్న నిజంగానే పెరిగి 6.5 వచ్చింది. శీను 6.3 రాశాడు.

నెల గడిచింది. ఆ నలుగురి పాలను శీను మెషీన్ కింద పెట్టడం కూడా మానేశాడు. ఎలాగూ రాసేది 6.4 కదా, గ్లాసు కడుక్కోవడం దండగ.

అప్పుడు డెయిరీ నుంచి స్లిప్పు వచ్చింది. వెన్న 0.1 తగ్గింది. ఎస్‌ఎన్‌ఎఫ్ 9.1 ఉండేది 8.9కి పడింది. గేదె పాలకు 9 ఉండాలన్నది ప్రమాణం. లీటరుకు రెండు రూపాయలు కోత, 150 లీటర్లకూ. వెన్న మాత్రమే తగ్గితే మీగడ తీశారేమో అనుకోవచ్చు. రెండూ కలిసి పడ్డాయంటే నీళ్లే. ఎవరు పోశారు?

డెయిరీ సూపర్‌వైజర్ వచ్చి రిజిస్టర్ తెరిచాడు. వేలు పెట్టి ఒక్కో గడి కిందికి జరుపుతూ వచ్చాడు. సత్తెమ్మ వరుసలో 6.2, 6.0, 6.3, 6.1. ప్రెసిడెంటు గారి తమ్ముడి వరుసలో 6.4, 6.4, 6.4, 6.4. పక్కన ఎస్‌ఎన్‌ఎఫ్ గడిలోనూ రోజూ అదే అంకె.

"ఏమయ్యా, గేదె రోజూ ఒకే నంబర్ ఇస్తుందా?"

ఇవ్వదు. పొద్దుటి పాలకూ సాయంత్రం పాలకూ తేడా ఉంటుంది. మేత మారితే మారుతుంది, చివర్న ఎంత పిండారన్నదాన్ని బట్టీ మారుతుంది. నిజంగా కొలిచిన అంకె కాస్త ఊగుతుంది. రాసిన అంకె కదలదు.

మర్నాడు పొద్దున ఆయన బల్ల పక్కనే కూర్చుని అందరి పాలూ పరీక్ష చేయించాడు. తమ్ముడి గారి పాలు వెన్న 4.2, ఎస్‌ఎన్‌ఎఫ్ 6.8. పన్నెండు లీటర్లలో మూడు లీటర్లు నీళ్లు. ఆయన్ని ఎంత తిట్టుకున్నా ఒక మాట ఒప్పుకోవాలి. తన అంకె పాలను బట్టి రాదని తెలిసినవాడికి పాలు చిక్కగా పోయాల్సిన పనేముంది? పంపు దారి శీనే చూపించాడు.

కమిటీ ముందు శీను అంతా చెప్పాడు. 40 రోజులు, రోజుకు 384 రూపాయలు, మొత్తం 15,360. తలా 0.2 అని తనకు గుర్తుంది కాబట్టి ఎవరికెంత ఇవ్వాలో కట్టగలిగారు. సత్తెమ్మకు 256. ఒక్కొక్కరికి ఒక్కోలా కోసి ఉంటే ఆ లెక్క ఎవరి వల్లా తేలేది కాదు, అసలు అంకెలు ఎక్కడా లేవు కదా. పరీక్ష చేయని రోజుల్లో ఎన్ని నీళ్లు కలిశాయో మాత్రం ఇప్పటికీ తెలియదు.

శీనును తీసేయలేదు. తెరను వరుసలో ఉన్నవాళ్ల వైపు తిప్పి పెట్టమన్నారు.

మొదటి రోజు అత్త వచ్చింది. 5.4. శీను 5.4 రాశాడు. ఆమె కార్డు లాక్కుని మాట్లాడకుండా వెళ్లిపోయింది. తర్వాత సత్తెమ్మ. తెర మీద 6.6.

"ఇన్నాళ్లకు చెక్క ఒంటబట్టిందేమిరా శీనూ" అంది.

శీను పెన్ను కింద పెట్టాడు. "మొదట్నుంచే ఒంటబట్టింది పెద్దమ్మా. నేనే రాయలేదు."

సత్తెమ్మ కాసేపు కార్డు వైపే చూసింది. "మొన్న బేరగాడొస్తే దాన్ని అమ్మేద్దామనుకున్నాన్రా" అని, ఖాళీ గిన్నె తీసుకుని మెట్లు దిగింది.