రెండు జతల గ్లోవ్స్ వేసుకున్నా వేళ్లు ఎందుకు మొద్దుబారుతున్నాయి?

"అన్నా, మేడ్చల్ దగ్గర కోల్డ్ స్టోరేజీలో చేస్తున్నా. లోపల మైనస్ 20. మందపాటి సూట్ ఉంది, రెండు జతల గ్లోవ్స్ వేసుకుంటున్నా. అయినా పది నిమిషాలకే వేళ్లు మొద్దుబారుతున్నాయి. ఎందుకు?"

తమ్ముడూ, చాలావరకు ఆ సమస్య చాంబర్ లోపల కాదు, బయట డాక్ మీదే మొదలవుతుంది. నేను కూడా ఇలాంటి చోట ఏడేళ్లు లోడింగ్ చూశాను కాబట్టి నా కళ్ల ముందు జరిగిందే చెబుతాను.

మే నెల, డాక్ మీద 41 డిగ్రీలు. బండి వచ్చేసిందన్నారని మా కుర్రాడొకడు సూట్ వేసుకుని, గొంతు దాకా జిప్ లాగి, గ్లోవ్స్ తొడుక్కుని నిలబడ్డాడు. బండి రావడానికి ఇరవై నిమిషాలు పట్టింది. ఈలోగా లోపలి బనియను వీపుకి అతుక్కుపోయింది. అలాగే చాంబర్లోకి వెళ్లి పాలెట్ ట్రక్ హ్యాండిల్ పట్టుకున్నాడు. కాసేపటికి బయటికొచ్చి గ్లోవ్ లాగితే, నడివేలు కొస మైనంలా తెల్లగా ఉంది. గిల్లినా తెలియట్లేదు.

సూట్ వేడి పుట్టించదు. మన ఒంటి వేడినే దాని పొరల మధ్య ఉన్న గాలిలో పట్టి ఉంచుతుంది, అంతే. ఆ గాలి ఉండాల్సిన చోట చెమట చేరితే వేడి తొందరగా బయటికి పోతుంది, ఎందుకంటే నీళ్లు గాలి కంటే ఇరవై రెట్లకు పైగా వేగంగా వేడిని లాగేస్తాయి. కాటన్ బనియను, కాటన్ లోపలి గ్లోవ్ చెమటను పీల్చుకుని వదలవు. ఒళ్లు చల్లబడితే శరీరం ముందు గుండెను, కడుపును కాపాడుకోవాలని చేతులకు రక్తం తగ్గిస్తుంది. అందుకే తడిసింది వీపైనా మొద్దుబారేది వేళ్లు.

ఇక రెండు జతల సంగతి. ఒకే సైజువి ఒకదాని మీద ఒకటి బిగించావంటే మధ్యలో గాలికి చోటుండదు, వేళ్లకు రక్తం కూడా సరిగ్గా అందదు. రెండు జతలు వేసుకున్నా ఒక జతంత వెచ్చదనం కూడా దక్కదు. లోపల పల్చటి పాలిస్టర్ లేదా ఉన్ని గ్లోవ్, పైన ఒక సైజు పెద్ద ఇన్సులేటెడ్ గ్లోవ్ వేసుకో. పిడికిలి బిగిస్తే వేలి కొస దగ్గర కాస్త ఖాళీ తెలియాలి. పై గ్లోవ్ మీద ఈఎన్ 511 అనే గుర్తు కింద మూడు అంకెలుంటాయి. అందులో రెండోది చల్లటి వస్తువును పట్టుకున్నప్పుడు ఎంత కాపాడుతుందో చెబుతుంది, 4 దాకా ఉంటుంది. ఇనుప హ్యాండిల్ పట్టుకునే నీకు ఆ అంకె ముఖ్యం. స్కానర్ నొక్కాలని గ్లోవ్ తీసి, ఉత్త చేత్తో ఇనుము ముట్టుకోవడం మాత్రం వద్దు. మైనస్ 20లో చర్మం అతుక్కుంటుంది.

ఇప్పుడు డాక్‌కీ చాంబర్‌కీ మధ్య తిరగడం. మధ్యలో యాంటీరూమ్ ఉంటుంది కదా, సూట్ అక్కడే వేసుకో, డాక్ మీద కాదు. బండి ఆలస్యమైతే జిప్ పూర్తిగా తీసి, గ్లోవ్స్ తీసేయి. బనియను తడిసిందని తెలిస్తే మార్చుకోకుండా లోపలికి వెళ్లొద్దు. బ్యాగులో ఒక పొడి బనియను, రెండు జతల లోపలి గ్లోవ్స్ పెట్టుకోవడం పెద్ద ఖర్చేం కాదు.

వానాకాలంలో మన హైదరాబాద్‌లో కథ వేరు. అప్పుడు చెమటకు తోడు గాలిలోని తేమ కూడా ఇబ్బంది పెడుతుంది. చాంబర్‌లోంచి బయటికి రాగానే చల్లటి గ్లోవ్ మీద గాలిలోని తేమ నీళ్లై చేరుతుంది. ఆ తడితోనే మళ్లీ లోపలికి వెళ్తే గడ్డకడుతుంది. కాబట్టి సూట్ మీది మంచు పొడిని యాంటీరూమ్‌లోనే, కరగకముందే దులిపేయి.

ఆ కుర్రాడికి ఏం చేశామంటే, చేతిని రుద్దలేదు, మంట దగ్గర పెట్టలేదు. గోరువెచ్చటి నీళ్లలో, అంటే 38 డిగ్రీల దగ్గర ముంచాం. మొద్దుబారిన చేతికి వేడి తెలియదు కాబట్టి నీళ్లను వేరేవాళ్లు మోచేత్తో చూడాలి. రంగు తిరిగొచ్చేటప్పుడు మంటగా ఉంటుంది, అది మామూలే. రంగు రాకపోయినా, బొబ్బ లేచినా డాక్టర్ దగ్గరికే. ఆ రోజు మాత్రం మళ్లీ లోపలికి పంపకూడదు. ఒకసారి తేరుకున్న వేలు మళ్లీ గడ్డకడితే దెబ్బ ఎక్కువ.

రేపు షిఫ్ట్ మధ్యలో ఒక పని చెయ్యి. పై గ్లోవ్ వేళ్లలోకి టిష్యూ పేపర్ దూర్చి తీసి చూడు. చెమ్మగా వచ్చిందా, ఆ జతను పక్కన ఆరేసి రెండో జత తొడుక్కో.