అరుగు మీద పెద్దాయన, వీధికి అవతల కెమెరా

శ్రోతలకు నమస్కారం.

ఒక పాత పెంకుటిల్లు ఊహించుకోండి. పక్కన వేపచెట్టు, ఇంటి వెనక కనుచూపు మేర పొలాలు. అరుగు మీద డెబ్బై ఏళ్ల పెద్దాయన కూర్చున్నాడు. పట్నం నుంచి కొడుకు వచ్చాడు. చేతిలో కాగితాలున్నాయి. మిగిలిన రెండెకరాలూ అమ్మడానికి తండ్రి సంతకం కావాలి. "నాన్నా, ఇక్కడ పెట్టు" అంటాడు. పెద్దాయన కాసేపు మాట్లాడడు. తర్వాత పెడతాడు. సన్నివేశం అంతే.

కెమెరా పని నేర్చుకుంటున్న రోజుల్లో నేను ఒక చిన్న సినిమాకి ఈ సన్నివేశం తీశాను. పెద్దాయన వేషం వేసిన నటుడి ముఖం ఎంత బాగుందంటే, దాన్ని వదలబుద్ధి కాక మొదటి నుంచి చివరి దాకా క్లోజప్పులే తీశాను. నలుగురికి వేసి చూపిస్తే ఎవరి కళ్లూ చెమ్మగిల్లలేదు. "ఆయన దేనికి అంత బాధపడుతున్నాడు?" అని అడిగిందొకావిడ. పొలం సంగతి మాటల్లో ఉంది. కానీ ఆ పొలం, ఆ ఇల్లు, వాటి మధ్య ఆయన బతికిన తీరు ఎక్కడా కంటికి కనబడలేదు. దాన్ని మళ్లీ తీశాం. రెండోసారి ఏం మార్చామో చెప్తాను. షాటు సైజు అంటే ఏమిటో నాకు తెలిసింది అప్పుడే.

మొదట కెమెరాని వీధికి అవతల పెట్టాం. లాంగ్ షాట్. ఇల్లు, చెట్టు, వెనక పొలం, మధ్యలో చిన్నగా పెద్దాయన. తెర ఎత్తులో ఆయన ఆరో వంతు కూడా లేడు. ఈ షాటు చూసినప్పుడు మనకి వెంటనే జాలి పుట్టదు. కన్ను తీరిగ్గా తిరుగుతుంది, చెట్టు మీదికి పోతుంది, పొలం మీదికి పోతుంది, చివరికి మనిషి దగ్గర ఆగుతుంది. అలా తిరగడానికి దానికి సమయం కావాలి. ముఖాన్ని రెండు సెకన్లలో చదివేస్తాం, ఇలాంటి షాటుకి ఏడెనిమిది సెకన్లు ఇవ్వాలి. ఎడిటింగులో తొందరపడి రెండు సెకన్లకే కోసేస్తే, చూసేవాడికి ఏదో ఊరు కనబడింది అన్నంత వరకే మిగులుతుంది. ఇంకో చిక్కుంది. థియేటర్లో ఆరో వంతు మనిషి స్పష్టంగా కనబడతాడు, ఫోనులో చీమంత అయిపోతాడు. ఎక్కడ చూస్తారో తెలిస్తే దాన్నిబట్టి కెమెరాని కొన్ని అడుగులు ముందుకు జరుపుకోవాలి.

తర్వాత మిడ్ షాట్, నడుము నుంచి పైకి. పక్కింటాయనతో నిలబడి మాట్లాడేటప్పుడు మనకి కనబడేంత మనిషి. ఈ షాటులో నాకు ఇష్టమైనవి చేతులు. కొడుకు కాగితాలు చాపాడు. పెద్దాయన చెయ్యి వాటి మీదికి పోకుండా పక్కనున్న స్తంభాన్ని నిమిరింది. నేను మొదట తీసిన క్లోజప్పుల్లో ఆ చెయ్యే లేదు! నటుడు అప్పుడు కూడా నిమిరాడట, ఫ్రేము బయట. మనిషిని ఫ్రేములో ఎక్కడ కోస్తామన్నది కూడా ముఖ్యమే. మోకాలు, మణికట్టు, మెడ లాంటి కీళ్ల దగ్గర అంచు పడితే ఆ అవయవం తెగిపోయినట్టు అనిపిస్తుంది. కాస్త పైకో కిందికో జరిపితే ఆ ఇబ్బంది పోతుంది.

ఇద్దరూ మాట్లాడుకునేటప్పుడు కొడుకు భుజం మీదుగా తండ్రిని తీశాం. మన సినిమా వాళ్లు దీన్ని సజెషన్ షాట్ అంటారు. ముందు మసగ్గా భుజం, వెనక ముఖం. ఇద్దరూ ఒకే ఫ్రేములో ఉన్నంతసేపు వాళ్ల మధ్య బంధం ఇంకా ఉన్నట్టే ఉంటుంది. "నాన్నా, ఇక్కడ పెట్టు" అన్న మాట దగ్గర ఆ భుజాన్ని తీసేశాం. అక్కణ్నుంచి తండ్రి ఒక ఫ్రేములో ఒంటరి, కొడుకు ఇంకో ఫ్రేములో ఒంటరి. వాళ్లు ఉన్నచోటే ఉన్నారు, ఒక్క అడుగు కదల్లేదు. అయినా దూరమైపోయారు.

ఇక క్లోజప్. ఈసారి ఒక్కటే తీశాం, సంతకానికి ముందు. ఇక్కడ చాలామంది కలగలిపేసే విషయం ఒకటుంది. తెర మీద ముఖం ఎంత పెద్దగా ఉందన్నది వేరు, కెమెరా ఎంత దగ్గర్లో ఉందన్నది వేరు. ఫోనుని ముఖానికి దగ్గరగా పట్టుకుని సెల్ఫీ తీసుకుంటే ముక్కు ఉబ్బినట్టు కనబడటం మీరు గమనించే ఉంటారు. చెవి కన్నా ముక్కు సుమారు 12 సెంటీమీటర్లు ముందుంటుంది అనుకుందాం. కెమెరా ముక్కుకి 30 సెంటీమీటర్ల దూరంలో ఉంటే చెవి 42 దగ్గర ఉన్నట్టు. అంటే చెవి కన్నా ముక్కు నలభై శాతం పెద్దగా పడుతుంది. అదే కెమెరా మూడు మీటర్ల దూరంలో ఉంటే తేడా నాలుగు శాతమే. అంత దూరం నుంచి, దూరాన ఉన్నదాన్ని పెద్దదిగా చూపే టెలీ లెన్సుతో తీస్తే ముఖం పొందికగా వస్తుంది, వెనకున్నవన్నీ మసకబారి దగ్గరికి జరిగినట్టుంటాయి. మనం ఆయన్ని దూరం నుంచి గౌరవంగా చూస్తున్నట్టు ఉంటుంది. ఎక్కువ వెడల్పు పట్టే వైడ్ లెన్సు పెట్టి రెండడుగుల దగ్గరికి వెళ్లి తీస్తే, మనమే ఆయన మీదికి వెళ్లినట్టు ఊపిరాడదు. ముఖం రెండింటిలోనూ అంతే సైజు. మేము మూడు మీటర్ల దూరమే ఎంచుకున్నాం. ఆయన్ని ఆ క్షణంలో ఎవరూ ఇబ్బంది పెట్టకూడదనిపించింది.

యాంగిల్ సంగతి. కింది నుంచి తీస్తే బలవంతుడు, పై నుంచి తీస్తే బలహీనుడు అని అందరూ చెప్పేదే. నాకు ఆ సూత్రం మీద నమ్మకం తక్కువ. 1941లో ఆర్సన్ వెల్స్ తీసిన 'సిటిజన్ కేన్'లో ఎన్నికల్లో ఓడిపోయిన నాయకుడు స్నేహితుడితో మాట్లాడే ఘట్టం ఉంది. ఛాయాగ్రాహకుడు గ్రెగ్ టోలాండ్. సెట్ నేలని తవ్వి కెమెరాని ఆ గోతిలో పెట్టి తీశారు. ఓడిన మనిషి కొండలా కనబడతాడు, తల మీద సీలింగు దిగబడుతున్నట్టుంటుంది. అంత భారీ మనిషి ఖాళీగా నిలబడటం చూస్తే ఓటమి ఇంకా పెద్దదవుతుంది.

కెమెరా ఎత్తు వేరు, వంపు వేరు. జపాన్ దర్శకుడు ఒజు కెమెరాని నేలకి దగ్గరగా, చాప మీద కూర్చున్న మనిషికి తగ్గట్టు పెట్టేవాడు, కానీ పైకి ఎత్తి చూపించేవాడు కాదు, దాదాపు ఎప్పుడూ సమంగానే ఉంచేవాడు. అందుకే అక్కడ ఎవరూ గొప్పగా కనబడరు, మనమే వాళ్లతో పాటు చాప మీద కూర్చున్నట్టుంటుంది. నా మొదటి తప్పు ఇక్కడ కూడా ఉంది. కెమెరా నా కంటి ఎత్తులో పెట్టుకున్నాను, నాకు సుఖంగా ఉంటుందని. పెద్దాయనేమో అరుగు మీద కూర్చున్నాడు. దాంతో ప్రతి షాటులోనూ ఆయన్ని నిలబడ్డ కొడుకు కళ్లతో కిందికి చూశాం. రెండోసారి ట్రైపాడ్ కాళ్లు దించి ఆయన కంటి ఎత్తుకి తెచ్చాం. కొడుకుని మాత్రం అక్కణ్నుంచే, కాస్త తలెత్తి చూశాం, తండ్రి చూసినట్టు.

సంతకం అయింది. చివరి షాటుకి కెమెరాని మళ్లీ వీధికి అవతల, మొదట పెట్టిన చోటే, అదే లెన్సుతో పెట్టాం. అదే ఇల్లు, అదే వేపచెట్టు, వెనక అదే పొలం. కొడుకు ఫ్రేము దాటి వెళ్లిపోయాడు. పెద్దాయన అరుగు మీద, మొదట్లో ఉన్నంత చిన్నగానే ఉన్నాడు. ఈసారి చూసినవాళ్ల కళ్లు చెట్టు మీదికి పోలేదు, సూటిగా ఆయన దగ్గరికే వెళ్లాయి.