పద్నాలుగో బెడ్ చార్టు

అందరికీ నమస్కారం. త్వరలో షిఫ్టు ఇన్‌ఛార్జి బాధ్యతలు తీసుకోబోయే స్టాఫ్ నర్సులే ఇక్కడ ఎక్కువమంది ఉన్నారని చెప్పారు. కాబట్టి సిద్ధాంతంతో కాకుండా ఒక రాత్రి డ్యూటీతో మొదలుపెడతాను. ఈ వార్డు నేను అల్లినదే. కానీ ఇందులో జరిగే పొరపాట్లన్నీ నేను చేసినవో, నా కళ్లముందు జరిగినవో.

సర్జికల్ వార్డు. 28 మంది రోగులు. రాత్రి 8 గంటలకు షిఫ్టు మారింది. ఇన్‌ఛార్జిగా తొమ్మిదేళ్ల అనుభవం ఉన్న స్టాఫ్ నర్సు. ఆమెకు తోడు, ఉద్యోగంలో చేరి రెండు నెలలైన మరో స్టాఫ్ నర్సు. ఏఎన్ఎం చదివి ఇదే వార్డులో పదిహేనేళ్లుగా ఉన్న నర్సింగ్ అసిస్టెంట్ ఒకరు. ఆమెను అందరూ అక్కా అంటారు. జీఎన్ఎం మూడో సంవత్సరం విద్యార్థిని ఒకమ్మాయి, ఒక ఆయమ్మ. వచ్చే కొత్త నర్సు మీద మనసులో కొంత అపనమ్మకం, అక్క మీద కొండంత నమ్మకం. ఏ వార్డులోనైనా ఉండేదే.

పద్నాలుగో బెడ్‌లో 52 ఏళ్ల మహిళ, బరువు 60 కిలోలు. పేగు ఆపరేషన్ చేసి సాయంత్రం 6 గంటలకు వార్డుకు తెచ్చారు. డ్రెయిన్ ఉంది, మూత్రానికి కాథెటర్ ఉంది. ఇన్‌ఛార్జి నర్సు అన్న మాట ఇది: "అక్కా, పద్నాలుగు మీరు చూసుకోండి. గంటగంటకూ బీపీ చూడండి, తగ్గితే చెప్పండి." ఆ తర్వాత ఆమె కొత్త నర్సు వెంట యాంటీబయాటిక్ ట్రాలీ పట్టుకుని బెడ్డు బెడ్డుకూ తిరిగింది. ప్రతి వయల్ తానే చూసింది, ప్రతి ఇంజెక్షన్ దగ్గరా నిలబడింది.

ఇక అక్క రాసిన చార్టు చూద్దాం. 9 గంటలకు పల్స్ 88, బీపీ 124/78, ఆ గంటలో మూత్రం 50 మి.లీ. 10 గంటలకు 96, 118/76, 40 మి.లీ. 11 గంటలకు 108, 112/80, 25 మి.లీ. 12 గంటలకు 118, 110/82, 20 మి.లీ. అర్ధరాత్రి దాటాక రోగి మంచినీళ్లు అడిగింది, దుప్పటి తోసేసింది, పక్క మీద అటూ ఇటూ కదిలింది. నొప్పి అనుకున్నారు. ఒంటిగంటకు బీపీ 86/60. అప్పుడు అక్క పరుగెత్తుకొచ్చింది. లోపల రక్తస్రావం. మళ్లీ థియేటర్‌కు తీసుకెళ్లారు, మనిషి దక్కింది.

మర్నాడు ఇలాంటి సంఘటన మీద జరిగే విచారణలో అందరూ అడిగేది ఒకటే: పోస్టాపరేటివ్ రోగిని అసిస్టెంట్‌కు ఎలా అప్పగించారు? నా ఉద్దేశంలో అది తప్పు ప్రశ్న. పల్స్ లెక్కపెట్టడం, బీపీ చూడడం, యూరిన్ బ్యాగులో కొలత చూసి రాయడం, శిక్షణ ఉన్న అసిస్టెంట్‌కు అప్పగించదగిన పనులే. 28 మందికి ఇద్దరు నర్సులున్న చోట అప్పగించక తప్పదు కూడా. అప్పగించకూడనిది ఇంకొకటి ఉంది. ఆ అంకెలు ఎటు పోతున్నాయో చదివి, దాని అర్థం తేల్చడం. "తగ్గితే చెప్పండి" అన్న ఒక్క మాటతో ఆ పని కూడా అక్క చేతికి వెళ్లిపోయింది. ఎంతకు తగ్గితే? 124 నుంచి 110 తగ్గడమేనా? అక్క దృష్టిలో 110 మంచి బీపీ. చెప్పినట్టే చేసింది.

పైగా ఆ సూచన ఎంచుకున్న అంకే ఆలస్యంగా కదిలేది. రక్తం పోతున్నప్పుడు శరీరం ముందు గుండె వేగం పెంచుతుంది, రక్తనాళాలను బిగిస్తుంది. అందుకే పైబీపీ నిలబడి ఉంటుంది, కింది బీపీ కాస్త పెరుగుతుంది కూడా. రెంటి మధ్య తేడా చూడండి: 9 గంటలకు 46, 12 గంటలకు 28. ఒంట్లో సుమారు 4 లీటర్ల రక్తం ఉండే ఈ మనిషికి పైబీపీ పడిపోయేసరికి సాధారణంగా లీటరు పైనే పోయి ఉంటుంది. పల్స్‌ను పైబీపీతో భాగిస్తే వచ్చే షాక్ ఇండెక్స్ మామూలుగా 0.5 నుంచి 0.7 వరకు ఉంటుంది. ఇక్కడ 11 గంటలకే 0.96. మూత్రం గంటకు కిలోకు 0.5 మి.లీ. చొప్పున, అంటే 30 మి.లీ. ఉండాలి. అదీ 11 గంటలకే తప్పింది. డ్రెయిన్‌లో ఏమీ రాలేదని ధైర్యపడ్డారు గానీ, గడ్డకట్టిన రక్తంతో డ్రెయిన్ మూసుకుపోతే అది ఖాళీగానే కనిపిస్తుంది.

చార్టులో ఇంకొక గడి ఉంది. శ్వాస రేటు: 20, 20, 20, 20. పల్స్ 88 నుంచి 118కి పోయిన మనిషికి శ్వాస మాత్రం కదలలేదట! ఛాతీ వంక చూడకుండా రాసిన అంకె అది. అక్కను తిట్టడానికి చెప్పడం లేదు, మనలో చాలామంది అలాగే రాస్తాం. అప్పగించిన పని నిజంగా జరుగుతోందా లేదా అన్నది ఇలాంటి మార్పులేని గడుల్లోనే దొరుకుతుంది. పర్యవేక్షణ అంటే ఆ గడి చూసి, బెడ్ దగ్గరకు వెళ్లి, నిమిషం పాటు తానే లెక్కపెట్టడం.

మరి ఆ రాత్రి పర్యవేక్షణ లేదా? ఉంది, బోలెడంత ఉంది. అంతా కొత్త నర్సు మీద ఖర్చయింది. ఆమె రిజిస్టర్డ్ నర్సు. యాంటీబయాటిక్ ఇవ్వడం ఆమె సొంత పని. దాన్ని ఆమెకు కేటాయిస్తాం, అంతే. ఇంకొకరి పనిని అప్పగించడం వేరు. ఇన్సులిన్, హెపారిన్, పొటాషియం లాంటివాటి దగ్గర రెండో నర్సు సరిచూస్తే ఆమెకు చాలు. కేటాయించిన చోట కాపలా కాసి, అప్పగించిన చోటిని వదిలేశారు. జూనియర్ అని ఒకరి వెంటపడ్డాం, సీనియర్ అని ఇంకొకరిని చూడలేదు. చూపు మనుషుల అనుభవాన్ని బట్టి పంచాం. పద్నాలుగో బెడ్‌లో ఎంత ప్రమాదముందో దాన్ని బట్టి పంచలేదు. విద్యార్థిని సంగతి ఒక్కమాట: రాత్రిపూట ట్యూటర్ ఉండరు కాబట్టి ఆ అమ్మాయిని సిబ్బంది లెక్కలో వేసుకోకండి. రోస్టర్‌లో పేరు ఉన్నా సరే.

ఇప్పుడు అదే రాత్రి, అదే మనుషులు. ఇన్‌ఛార్జి ఇలా అంటుంది: "అక్కా, పద్నాలుగు నా పేషెంటే. మీరు గంటగంటకూ పల్స్, బీపీ, శ్వాస, మూత్రం చూసి రాయండి. పల్స్ 100 దాటినా, మూత్రం 30 కన్నా తగ్గినా, దాహమన్నా, చెమట పట్టినా, కుదురుగా లేకపోయినా నేను ఏ పనిలో ఉన్నా పిలవండి. ఏమీ లేకపోయినా పదింటికి నేనే వస్తాను. ఒకసారి తిరిగి చెప్పండి." తిరిగి చెప్పమనడం అక్కను అవమానించడం కాదు. ఆమె "పల్స్ 110 దాటితే" అని చెప్పిందనుకోండి, తేడా అక్కడే బయటపడుతుంది.

10 గంటలకు ఇన్‌ఛార్జి వస్తుంది. పల్స్ 96. ఇంకా గీత దాటలేదు గానీ, గంటలో ఎనిమిది పెరిగింది. శ్వాస తానే లెక్కపెడుతుంది. డ్రెయిన్ గొట్టంలో గడ్డ ఉందేమో చూస్తుంది. నడుము కింద చెయ్యి పెట్టి చూస్తుంది, రక్తం కారితే కట్టు మీద కనబడకుండా వెనక్కి చేరుతుంది కాబట్టి. అరగంటకోసారి చూడమని అక్కతో చెప్పి చార్టు మీద సమయం వేసి సంతకం పెడుతుంది. 11 గంటలలోపే పిలుపు వస్తుంది. డ్యూటీ డాక్టర్‌కు ఫోన్ చేసి నాలుగు అంకెల వరస చదువుతుంది. ఒంటిగంటకు కాదు, రెండు గంటల ముందు.

ఇదంతా చేయడానికి ఆమెకు పట్టేది పదింటికి ఒక ఏడెనిమిది నిమిషాలు. యాంటీబయాటిక్ ట్రాలీ వెంట గడిపినవి రెండు గంటలు. మొదటిసారి చార్టులో అన్ని గడుల్లోనూ అక్క చేతిరాత ఒక్కటే ఉంది. ఇన్‌ఛార్జి సంతకం గడి ఉదయం 8 గంటల దాకా ఖాళీ.